మూడు ఖాళీలు, మూడు కారణాలు

బ్యాంకు ఖాతా కోసం నింపిన కాగితం ఫారాన్ని ఫోన్‌తో ఫోటో తీస్తే, అందులోని వివరాలను జేసన్ రికార్డుగా మార్చే ప్రోగ్రాం ఒకటి ఈమధ్య శ్రద్ధగా చదివాను. స్పష్టంగా ఉన్న అంకెలను చదవడం చాలా ప్రోగ్రాములకు వచ్చు. దీన్ని రాసిన మనిషి పనితనం చదవడానికి వీల్లేని చోట్ల తెలుస్తుంది.

నేను పరిశీలించిన ఫోటోలో కుడి అంచు తెగిపోయింది. మడత దగ్గర కాగితం పైకి లేచి ఫోకస్ తప్పడంతో పుట్టిన తేదీ మసకబారింది. నామినీ గడిలో ఎవరూ ఏమీ రాయలేదు. రికార్డులో ఆ భాగం ఇలా వచ్చింది:

```json
{
  "dob": {"raw": "1?-08-1974", "value": null, "status": "blurred"},
  "mobile": {"raw": "9000012???", "value": null, "status": "cropped"},
  "nominee": {"raw": "", "value": null, "status": "blank"}
}
```

మూడింటికీ విలువ `null` అయినా, చేయాల్సిన పని ఒకటి కాదు. నామినీ ఎవరో దరఖాస్తుదారుణ్ణి అడగాలి. తేదీ, మొబైల్ నంబరు కాగితం మీదే ఉన్నాయి కాబట్టి మళ్లీ ఫోటో తీస్తే చాలు. కారణం రాయకుండా మూడు ఖాళీలు ఇచ్చి ఉంటే, కౌంటర్‌లోని ఉద్యోగి తేదీ, మొబైల్ నంబరు కూడా అనవసరంగా ఆ మనిషినే అడిగేవారు.

అంచు తెగిందనీ, పోయినవి సరిగ్గా మూడు అంకెలనీ ప్రోగ్రాంకు ఎలా తెలిసింది? దాని దగ్గర ఖాళీ ఫారం నమూనా ఉంది. ఫోటోలో కనిపిస్తున్న అచ్చు అక్షరాలను, గీతలను నమూనాలోని వాటితో జతచేసి, కాగితం ఏ కోణంలో ఉందో లెక్క కడుతుంది. ఆ లెక్కతో నమూనాలోని ప్రతి గడినీ ఫోటో మీద పరుస్తుంది. మొబైల్ నంబరుకున్న పది గళ్లలో చివరి మూడూ ఫోటో హద్దు దాటి పడ్డాయి. కాగితం నాలుగు మూలలూ కనబడితేనే పనిచేసే పద్ధతి ఇక్కడ ఆగిపోయేది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మసకను కొలిచిన తీరు. సాధారణంగా లాప్లాసియన్ అనే లెక్కతో చిత్రంలో వెలుగు నీడలు ఎంత పదునుగా మారుతున్నాయో చూస్తారు. ఆ విలువ తక్కువగా ఉంటే మసక అంటారు. అయితే ఏమీ రాయని తెల్లటి గడిలోనూ ఆ విలువ తక్కువే. అందుకే ఈ ప్రోగ్రాం చేతిరాతను కాక, గడి చుట్టూ అచ్చువేసిన గీతల పదునును కొలుస్తుంది. ఎవరు ఏం రాసినా, అసలు రాయకపోయినా ఆ గీతలు ఉంటాయి. నామినీ గడి గీతలు పదునుగా ఉన్నాయి, లోపల సిరా లేదు. కాబట్టి అది నిజమైన ఖాళీ. తేదీ గడి గీతలే చెదిరి ఉన్నాయి, అది మసక. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. చేయి పక్కకు కదిలితే అడ్డగీతలు పదునుగానే ఉండి నిలువుగీతలు చెదురుతాయి. అందుకే రెండింటినీ విడిగా కొలిచి, దేని ఫలితం అధ్వానంగా ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక ఆధార్ నంబరు. పన్నెండు అంకెల్లో చివరిది వెర్‌హాఫ్ పద్ధతిలో వచ్చే సరిచూపు అంకె. ఈ ఫారంలో నడుమ ఒక అంకె చెదిరింది. అక్కడ సున్నా నుంచి తొమ్మిది దాకా పెట్టి చూస్తే సరిచూపు నెగ్గేది ఒక్కటే. అది దొరికింది కదా అని రికార్డులో రాసేయాలనిపిస్తుంది. కానీ మిగతా పదకొండింటిలో ఏదైనా ఒకదాన్ని తప్పుగా చదివి ఉంటే, అప్పుడు కూడా ఏదో ఒక అంకె నెగ్గుతుంది. మరొకరి నంబరు తయారుకావచ్చు. ఖాళీని పూరించడానికి వాడేశాక ఆ సరిచూపు తప్పును పట్టలేదు. కాబట్టి దొరికిన అంకెను `candidate` అని విడిగా ఉంచి, `value` దగ్గర `null` వదిలారు. మసక భాగాన్ని పదునుపెట్టే ఫిల్టర్లను కూడా చదవడానికి వాడలేదు. అవి కాగితం మీద లేని గీతను సృష్టించగలవు.

దీనికీ హద్దులున్నాయి. స్పష్టమైన ఫోటోలోనే ఒకటిని ఏడుగా చదివితే మసక కొలత పట్టుకోలేదు. ఆధార్‌లో సరిచూపు అంకె ఆ తప్పును పడుతుంది. ఖాతా నంబరుకు మాత్రం అన్ని బ్యాంకులకూ ఉమ్మడిగా వర్తించే సరిచూపు అంకె లేదు. అందుకే ఖాతా నంబరు ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ గడి బొమ్మను పక్కన చూపించి మనిషి చేత ధ్రువీకరింపజేస్తుంది.

ఇలాంటి ప్రోగ్రాం రాసేవారు గడి గీతలను కొలిచే పద్ధతిని తప్పక తీసుకోవాలి. ప్రతి `null` పక్కనా కారణం రాయాలి. ఊహించిన అంకెను చదివిన అంకెల వరుసలో ఎన్నడూ కలపకూడదు.