టీ. స్పూనా? టే. స్పూనా?

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో రైల్వే పనులకోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా వున్నాయి. అక్కడి విద్యార్థులు కొందరు ఒక విజ్ఞాన ప్రదర్శనకు తెలుగులో పోస్టరు తయారుచేసి, తప్పులు దిద్దమని నాకు ఇచ్చారు. విరేచనాలతో శరీరం కోల్పోయే నీటినీ లవణాలనూ నోటిద్వారా తిరిగి అందించే ద్రావణం గురించిన పోస్టరు అది. బొమ్మలు చక్కగా వున్నాయి. సమాచారం కూడా అవసరమైనదే. అక్షరదోషాలు నాలుగైదుకు మించి లేవు. అయినా దాన్ని గోడకు తగిలించవద్దని చెప్పవలసివచ్చింది. ఎందుకో చూద్దాం.

పోస్టరును వ్యాసంలాగా పైనుంచి కిందికి చదివితే చాలా లోపాలు కనిపించవు. అందుకని మొదట శీర్షికలు మాత్రమే చదివాను. "ఓ.ఆర్.ఎస్. అంటే ఏమిటి?", "తయారుచేయు విధానము", "ఎప్పుడు తాగించాలి", "జాగ్రత్తలు:". ఒకటి ప్రశ్న, ఒకటి గ్రాంథికం, ఒకటి ప్రశ్నే కాని గుర్తు లేదు, ఒకదాని చివర రెండు చుక్కలు. దీనివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. కాని నాలుగు చేతులు నాలుగు భాగాలు వ్రాశాయనీ, మొత్తాన్ని ఎవరూ ఒకసారి చూడలేదనీ ఇక్కడే తెలిసిపోయింది.

తరువాత సంక్షిప్త రూపాలన్నీ ఒక కాగితం మీద ఎక్కించాను. లీటరుకు "లీ.", "లీ", "లి." అని మూడు రూపాలు వచ్చాయి. హ్రస్వం ఎక్కడిదో ఊహించటం కష్టం కాదు. బెంగాలీలో మీటరునూ లీటరునూ హ్రస్వంతోనే వ్రాస్తారు. బడిలో ఆ లిపికి అలవాటుపడిన చెయ్యి తెలుగులోనూ అలాగే వ్రాస్తుంది. కాని తెలుగులో "మి." అంటే మిల్లీ, "మీ." అంటే మీటరు. ఆ రెండింటినీ వేరుచేసేది దీర్ఘమొక్కటే.

అసలు చిక్కు చెంచా దగ్గర వచ్చింది. చక్కెర వరుసలో "6 టీ. స్పూ." అని వుంది. బొమ్మ కింద ఉప్పుకు "½ చెం." అని వుంది. చివరి పెట్టెలో మాత్రం "½ టే.స్పూ. ఉప్పు". టీ స్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15. తేడా మూడింతలు. వ్రాతలో తేడా మాత్రం ఒక్క గుణింతపు గుర్తు.

లెక్క వేద్దాం. తలకొట్టిన టీ స్పూనులో ఉప్పు సుమారు 6 గ్రాములు పడుతుంది. ఇంట్లో కలిపే ద్రావణానికి లీటరు నీటిలో అర టీ స్పూను ఉప్పు, అంటే 3 గ్రాములు, ఆరు టీ స్పూనుల చక్కెర కావాలి. అర టేబుల్ స్పూను అయితే ఉప్పు 9 గ్రాములవుతుంది. నరానికి ఎక్కించే సెలైన్‌లో లీటరుకు వుండేది అంతే. అప్పటికే నీరు కోల్పోయిన పసిబిడ్డచేత దాన్ని తాగిస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

1971లో ఇదే రాష్ట్రంలోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ బృందం ఉప్పు, గ్లూకోజు, సోడా ముందే తూచి పొట్లాలు కట్టింది. ఇంట్లో త్రాసు వుండదు. త్రాసు చేసే పని చెంచా చేయాలి. కాబట్టి చెంచాను సూచించే రెండక్షరాలు తూకపు రాళ్లవంటివి.

"టే." అన్నది చేతి పొరపాటా, లేక ఆ భాగం వ్రాసినవారు అలాగే అనుకున్నారా? పోస్టరును చూసి చెప్పలేం. ఒకే వస్తువుకు మూడు రూపాలున్నచోట నాలుగోది వచ్చినా అది మరో రూపమేననుకుంటాం. అంతటా "టీ. స్పూ." అనే వుండివుంటే, ఒక్క "టే." వెంటనే కంటికి తగిలేది. ఒకే పద్ధతి పాటించటంలోని ప్రయోజనం ఇదే. అందం ఆ తరువాతి సంగతి.

అయితే దీనికీ ఒక హద్దు వుంది. అంతటా "టే. స్పూ." అని ఒకే తీరుగా వ్రాసినా తప్పు తప్పే. అందుకని చివరి విడతలో అంకెలను పోస్టరులోని అంకెలతో కాక, వాటిని ఎత్తి వ్రాసుకున్న మూలంతో పోల్చాలి. ఒకరు మూలం పైకి చదవాలి, రెండోవారు పోస్టరు మీద వేలు పెట్టి చూడాలి.

నేను సూచించిన మార్పులు మూడే. శీర్షికలన్నీ ప్రశ్నలుగా వుండాలి. లీటరుకు అంతటా "లీ." వాడాలి. చెంచాకు మాత్రం సంక్షిప్త రూపమే వద్దు, "తలకొట్టిన చిన్న చెంచా, 5 మి.లీ." అని పూర్తిగా వ్రాయాలి. చోటు చాలదని ఒక విద్యార్థిని అభ్యంతరం చెప్పింది. శీర్షికల చుట్టూ వేసిన పూలతీగ తీసేస్తే చాలింది.