ఎనిమిది కోట్లలో ఒక కోటి ఎక్కడికి పోయింది?

కీసర నుంచి శామీర్‌పేట మీదుగా మేడ్చల్ వెళితే అత్వెల్లి వస్తుంది. హెపటైటిస్-బి టీకాతో పేరు తెచ్చుకున్న శాంతా బయోటెక్నిక్స్ ప్లాంటు ఉన్నది అక్కడే. ఇంజినీరైన వరప్రసాద్ రెడ్డి 1993లో ఈ కంపెనీ పెట్టారు. బయోటెక్నాలజీ అంటే ఏమిటో తెలియని బ్యాంకులు అప్పుడు ముఖం చాటేశాయి. ఆదుకున్నది అప్పటి ఒమన్ విదేశీ వ్యవహారాల మంత్రి యూసుఫ్ బిన్ అలావి. ఆయన పెట్టుబడికి బదులుగా వెళ్లింది కంపెనీలో సగం వాటా. 1997లో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. 2006లో ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ అలయన్స్ చేతికి 60 శాతం వాటా చేరింది. 2009లో సనోఫీ రంగంలోకి దిగి, శాంతా విలువను 55 కోట్ల యూరోలుగా లెక్కగట్టింది.

ఇన్వెస్టర్ల కోసం ప్రపోజల్ రాసుకుంటున్న ఫౌండర్లు ఈ కథలో ముందుగా గమనించాల్సింది ఆ 55 కోట్లను కాదు, మొదటి చెక్కుకు వెళ్లిన సగాన్ని. తొలి అడుగులోనే 50 శాతం పోతే, ఆ తర్వాత 20 శాతం చొప్పున రెండు రౌండ్లు జరిగినా ఫౌండర్ల చేతిలో మిగిలేది 32 శాతం. వరప్రసాద్ రెడ్డికి అప్పట్లో వేరే దారి లేదు కాబట్టి దాన్ని తప్పనలేం. ఇవాళ దారులున్నాయి. అయినా సొంత లెక్క తెలియక వాటా పోగొట్టుకునేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు.

ఆ లెక్క ఒక ఉదాహరణలో చూద్దాం. ఇది ఊహించుకున్నదే. చీర్యాల దగ్గర కూరగాయల నిల్వ గదులకు సెన్సర్లు తయారుచేసే ఇద్దరు మిత్రులున్నారు. చెరి 3,500 షేర్లు, మొత్తం 7,000. ఒక ఇన్వెస్టర్ వచ్చి, ‘మీ కంపెనీకి ప్రీ-మనీ విలువ 8 కోట్లు, నేను 2 కోట్లు పెడతాను’ అన్నాడు. పోస్ట్-మనీ 10 కోట్లు, అతనికి 20 శాతం, మిగిలిన 80 మనదే, చెరి 40 అని మిత్రులు అక్కడికక్కడే నోటిలెక్క వేసుకున్నారు.

టర్మ్ షీట్‌లో ఇంకో వాక్యం ఉంది: పెట్టుబడి వచ్చేముందే ఉద్యోగుల కోసం ఆప్షన్ పూల్ పెట్టాలి, అది పెట్టుబడి తర్వాతి మొత్తంలో 10 శాతం ఉండాలి. చూడ్డానికి ఉద్యోగుల మేలు కోరే మాటలాగే ఉంటుంది. పట్టిక వేస్తే సంగతి తెలుస్తుంది. ఇన్వెస్టర్‌కు 20, పూల్‌కు 10 పోగా మిగిలేది 70 శాతం, చెరి 35. ఆ 70 శాతం అంటే పాత 7,000 షేర్లు. అంటే మొత్తం 10,000 షేర్లు కావాలి. ఇన్వెస్టర్‌కు 2,000, పూల్‌కు 1,000. రెండు కోట్లను 2,000తో భాగిస్తే షేరు ధర 10,000 రూపాయలు.

ఇప్పుడు మిత్రుల 7,000 షేర్లను ఆ ధరతో గుణించండి. ఏడు కోట్లు. కాగితం మీద ఎనిమిది, చేతిలో ఏడు. ఆ తేడా కోటి రూపాయలు పూల్ విలువ. దాన్ని ఇన్వెస్టర్ పైసా కూడా మోయలేదు, మొత్తం ఫౌండర్ల వాటాలోంచే పోయింది. అదే పూల్‌ను పెట్టుబడి తర్వాత పెట్టి ఉంటే ఇన్వెస్టర్ వాటా కూడా ఆ మేరకు తగ్గేది. ఇందులో మోసమేమీ లేదు, మార్కెట్లో ఇదే వాడుక. కానీ బేరమాడాల్సింది ‘ఎనిమిది కోట్లా, తొమ్మిది కోట్లా’ అని మాత్రమే కాదు. వచ్చే ఏడాదిన్నరలో ఎవరెవర్ని తీసుకుంటారో, ఒక్కొక్కరికి ఎన్ని ఆప్షన్లు ఇస్తారో జాబితా రాసి ముందు పెట్టి, ‘మాకు ఆరు శాతం పూల్ చాలు’ అని చూపించగలిగితే, అది విలువ పెంచమని అడగడంతో సమానం.

ఇక రెండో రౌండ్. ప్రీ-మనీ 40 కోట్లు, కొత్త పెట్టుబడి 10 కోట్లు, కొత్త ఇన్వెస్టర్‌కు 20 శాతం. పూల్‌ను పెంచలేదనుకుందాం. ఇక్కడ ప్రపోజల్స్‌లో తరచూ దొర్లే తప్పు ఒకటుంది: 35లోంచి 20 తీసేసి ‘నా వాటా 15కి పడిపోయింది’ అని బెంబేలెత్తడం. తీసివేత కాదు, గుణకారం చేయాలి. 35లో 80 శాతం, అంటే 28. కీసర చుట్టుపక్కల భూముల లెక్క అందరికీ తెలిసిందే. ఎకరం అమ్మితే ఎకరం తగ్గుతుంది. షేర్లలో అలా కాదు. ఫౌండర్ 3,500 షేర్లలో ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. కొత్తగా 2,500 షేర్లు జారీ అయి మొత్తం 12,500కు పెరిగింది, అంతే. షేరు ధర 40,000 అయింది కాబట్టి మూడున్నర కోట్ల వాటా కాగితం మీద 14 కోట్లయింది. పాత ఇన్వెస్టర్ కూడా 20 నుంచి 16కు, పూల్ 10 నుంచి 8కి దిగాయి.

శాంతా కథ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సింది ఇక్కడే. సనోఫీ 2009లో కొన్నది మెరియూ అలయన్స్‌కు చెందిన షాన్‌హెచ్ అనే కంపెనీని. శాంతాలో దాదాపు 80 శాతం వాటా దాని చేతిలో ఉండేది. ఉన్న వాటాలే చేతులు మారాయి తప్ప కొత్త షేర్లు పుట్టలేదు. కాబట్టి ఆ లావాదేవీ వల్ల మిగతా వాటాదారులకు డైల్యూషన్ లేదు. ఆ సొమ్ము వెళ్లింది కూడా అమ్మినవారికే, అత్వెల్లి ప్లాంటు ఖాతాలోకి కాదు. ప్రపోజల్‌లో ‘ఇంత సేకరిస్తున్నాం’ అని రాసేటప్పుడు అందులో కొత్త షేర్లకు వచ్చేదెంత, పాతవాళ్లు అమ్ముకునేదెంత అని విడదీసి చెప్పకపోతే, ఖర్చుల ప్రణాళిక మొదటి పేజీలోనే తేలిపోతుంది.

పట్టికలో కనపడకుండా నక్కి ఉండేవి కన్వర్టిబుల్ నోట్లు. మన మిత్రులు మొదటి రౌండ్‌కు ముందే ఒక ఏంజెల్ దగ్గర 20 శాతం డిస్కౌంట్ మీద 40 లక్షల నోటు తీసుకున్నారనుకోండి. 10,000 రూపాయల షేరు అతనికి 8,000కే వస్తుంది, అంటే 500 షేర్లు. మొత్తం 10,500 అయ్యేసరికి ఆ రౌండ్ ఇన్వెస్టర్ వాటా 19 శాతానికి జారుతుంది. ‘నాకు ఇరవై అన్నారు కదా’ అంటాడతను. నోటును కూడా ప్రీ-మనీలోనే కలపమంటాడు, షేరు ధర తగ్గుతుంది, భారం మళ్లీ ఫౌండర్ల నెత్తిన పడుతుంది. మన దేశంలో ఇన్వెస్టర్లు ఎక్కువగా తీసుకునే సీసీపీఎస్, అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లది కూడా ఇదే తీరు. ఈక్విటీ వరుస ఒక్కటే చూసి ‘మాకింకా తొంభై శాతం ఉంది’ అనుకుంటే అది కాకిలెక్క. అన్నీ మారిపోయాయనుకుని వేసే ‘ఫుల్లీ డైల్యూటెడ్’ సంఖ్యనే ఇన్వెస్టర్ చూస్తాడు.

ప్రపోజల్ పంపబోయే వారికి ఈ కాలమ్ కోరేది ఒక్కటే. పట్టికలో శాతాలు మాత్రమే రాయకండి, షేర్ల సంఖ్యలు రాయండి. నోట్లకు, సీసీపీఎస్‌కు, ఇచ్చిన ఆప్షన్లకు, మిగిలిన పూల్‌కు వేర్వేరు వరుసలు పెట్టండి. ఈ రౌండ్ తర్వాత వచ్చే రౌండ్‌ను కూడా ఒక అంచనాతో వేసి చూడండి. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో షేర్లు కేటాయించాక 15 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు పాస్-3 ఫారం దాఖలు చేయాలి, అది చేసేదాకా ఆ సొమ్మును ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ ఫారంలో అడిగేది కూడా షేర్ల సంఖ్యే.