బయటికొచ్చే టైము

తిరువూరులో నా స్నేహితురాలి వాళ్ళది మూడు గదుల అద్దె వాటా. అమ్మ, నాన్న, ముగ్గురు పిల్లలు, ఒకే బాత్‌రూమ్. పాత ఇళ్ళలో నీళ్ళగది వేరు, దొడ్డి వేరు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరి పని ఆగేది కాదు. ఆ రెండింటినీ ఒకే తలుపు వెనక పెట్టాక రెండు వరసలూ కలిసి ఒకటైపోయాయి. "ఇంకెంతసేపే!" అని రోజూ అరవలేక మొన్న డిసెంబరులో పెద్దమ్మాయి, అంటే నా స్నేహితురాలు, ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇలా రాసింది:

"రేపట్నుంచి బాత్‌రూమ్ టైములు. ఇవి బయటికొచ్చే టైములు, లోపలికెళ్ళేవి కావు.
చెల్లి 5:50. వేడినీళ్ళు.
తమ్ముడు 6:05. చన్నీళ్ళు.
నేను 6:20. వేడినీళ్ళు.
తర్వాత నాన్నగారు, తీరిగ్గా.
పళ్ళు పెరటి కుళాయి దగ్గర. జడలు గదిలో. తలంటు ఆదివారమే.
లేటైతే మీ వంతు నాన్నగారి తర్వాత. మిగతావాళ్ళ టైము జరగదు.
అర్జంటైతే తలుపు రెండుసార్లు కొట్టండి. లోపలున్నవాళ్ళు కారణం అడక్కూడదు."

మొదటి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఇలాంటి పట్టీ ఎవరు రాసినా లోపలికెళ్ళే టైమే రాస్తారు. అప్పుడు 5:35కి వెళ్ళినవాళ్ళు ఎప్పుడొచ్చినా మాట తప్పినట్టు కాదు, ఎందుకంటే వాళ్ళు సరిగ్గానే వెళ్ళారు. బయటికొచ్చే టైము రాస్తే తప్పెవరిదో గోడ గడియారమే చెబుతుంది. ఆ టైములు కూడా ఆమె ఊరికే వేయలేదు. చెల్లి మైలవరం వైపు వెళ్ళే కాలేజీ బస్సు 6:30కి ఎక్కాలి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసింది: టిఫిను, జడ, వీధి చివరిదాకా నడక. అన్నిటికంటే ముందు టైము చెల్లిదే కాబట్టి, తన ముందు ఎవరో లేటు చేశారనే సాకు కూడా ఆ పిల్లకి లేదు.

అసలు పనితనం తమ్ముణ్ణి మధ్యలో కూర్చోబెట్టడంలో ఉంది. వాళ్ళ గీజరు 15 లీటర్లది, 2 కిలోవాట్లు. 25 డిగ్రీల నీళ్ళని 60కి తేవడానికి దానికి 18 నిమిషాలు పడుతుంది. 20 లీటర్ల బకెట్టు ఒంటికి హాయిగా, అంటే 40 డిగ్రీలకి, ఉండాలంటే అందులో ఎనిమిదిన్నర లీటర్లు గీజరు నీళ్ళు కావాలి. ఒక బకెట్టు నింపేసరికి గీజరులో సగానికి పైగా చన్నీళ్ళు చేరతాయి. వెంటనే రెండోవాళ్ళు వెళితే వాళ్ళకి దక్కేవి గోరువెచ్చటి నీళ్ళే. గీజరు నీళ్ళు మళ్ళీ కాగడానికి పది, పదకొండు నిమిషాలు కావాలి. ఆ కాసేపు ఖాళీగా ఎదురుచూసే బదులు, డిసెంబరులోనూ చన్నీళ్ళే పోసుకునే తమ్ముడి 15 నిమిషాలు అక్కడ పెట్టింది. వాడు తుడుచుకుని వచ్చేసరికి అక్కకి నీళ్ళు సిద్ధం. "నువ్వు లెక్క కట్టావా?" అని అడిగితే, "లేదే, రెండుసార్లు నాకు చల్లటి నీళ్ళొచ్చాయి, అంతే" అంది.

లేటు నిబంధన కఠినమైనదే. అది లేకపోతే మొదటివాళ్ళ ఏడు నిమిషాలు చివరివాళ్ళ దాకా పాకుతాయి. ఇక్కడ ఆ నష్టం చేసినవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కానీ ఇంత కఠినత్వం కింద "కారణం అడక్కూడదు" అని కూడా రాసింది చూడండి. కడుపు బాగోలేనివాడు తలుపు బయట నిలబడి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పట్టీ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఈ పట్టీకీ కాలపరిమితి ఉంది. తిరువూరు ఎండల సంగతి తెలిసిందే. ఏప్రిల్ వచ్చేసరికి మేడ మీద ట్యాంకులో నీళ్ళు వాటంతటవే కాగుతాయి, గీజరు స్విచ్చి జోలికి ఎవరూ పోరు. అప్పుడు తమ్ముడు మధ్యలో ఉన్నా చివర ఉన్నా ఒకటే. తెల్లారకముందు నీళ్ళు కాస్త చల్లగా ఉంటాయి కాబట్టి ముందు వెళ్ళడానికే పోటీ పడతారు. వేసవి మెసేజ్ వేరే రాయాల్సిందే.

ఒక్క లోపం మాత్రం చెప్పకుండా ఉండలేను. చెల్లి 5:35కి లోపలికెళ్ళేసరికి నీళ్ళు కాగి ఉండాలంటే 5:15కే ఎవరో స్విచ్చి వేయాలి. ఆ ఎవరో మెసేజ్‌లో లేరు. అమ్మ ఐదింటికల్లా స్నానం ముగించి, వంటింట్లోకి వెళుతూ వేసేస్తుంది. ఆ మాటే అంటే నా స్నేహితురాలు కాసేపు ఫోను చూస్తూ ఊరుకుంది. మర్నాడు గ్రూపులో పట్టీ మళ్ళీ వచ్చింది, పైన ఒక వరస ఎక్కువతో: "5:15. గీజరు. సోమ, బుధ, శుక్ర తమ్ముడు. మిగతా రోజులు నేను." కింద తమ్ముడి జవాబు: "నావి చన్నీళ్ళు కదే అక్కా!"