మందుకన్నా ముందు సూది

మా గుడియాత్తంలో ఎవరికైనా మోకాలు వాచిందంటే మొదట వినబడే మాట, ‘నీరు పట్టింది’. ఆ మాటలో తప్పు లేదు. లోపల చేరింది నీరే. కానీ ఆ నీరు ఎలాంటిదో మోకాలిని పైనుంచి ఎంత నిమిరినా తెలియదు. ఎక్స్‌రే తీసినా మొదటి రోజుల్లో తెలియదు. సూదితో నాలుగు చుక్కలు బయటికి తీసి చూస్తేనే తెలుస్తుంది. ఆ పనిని రేపటికి వాయిదా వేస్తే ఏమవుతుందో, ఆ రోజే చేస్తే ఏం దక్కుతుందో ఒక రైతు కథలో చెబుతాను.

ఆయనకు 56 ఏళ్ళు. తిరుపత్తూరు పక్క పల్లెలో వరి సేద్యం. పదేళ్ళుగా షుగరు. వానలకు మడిలో నీళ్ళు నిలిచిన రోజుల్లో చెప్పుల్లేకుండా గట్లు వేశాడు. తర్వాత గుడియాత్తంలో కూతురింటికి వచ్చినప్పుడు జ్వరం పట్టుకుంది, మరునాటికి కుడి మోకాలు వాచింది. ఒకచోట నొప్పికి సూది వేశారు. రక్తంలో యూరిక్ యాసిడ్ 8.1 ఉందని చూసి వాతమన్నారు. ఇంకొకచోట వాపు తగ్గడానికి మాత్రలు ఇచ్చారు. చీటీ చూస్తే అందులో స్టెరాయిడ్ ఉంది. ఒక రోజు హాయిగా ఉందన్నాడు. ఆ మరుసటి రాత్రి వణుకుతో జ్వరం తిరగబెట్టింది. ఐదో రోజు అల్లుడు ఆటోలో పడుకోబెట్టి నా దగ్గరికి తెచ్చాడు.

నా చేతి వెనకభాగాన్ని ముందు ఎడమ మోకాలికి, తర్వాత కుడి మోకాలికి ఆనించాను. కుడివైపు పొయ్యి పక్క గోడలా కాలుతోంది. మోకాటి చిప్పను వేలితో నొక్కితే నీళ్ళమీద తేలే చెక్కలా దిగి ఎముకకు తగిలి మళ్ళీ పైకి లేచింది. అంటే కీలు నిండుగా ఉంది. కాలును అంగుళమంత వంచబోయేసరికి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చీము కేవలం చర్మంలోనో, చిప్పమీది తిత్తిలోనో ఉంటే కాలు కొంతైనా వంగుతుంది. కీలు లోపలే ఉంటే ఏ వైపు కదిపినా ప్రాణం పోతుంది. తక్కిన కీళ్ళన్నీ బాగున్నాయి. 2006లో చికున్‌గున్యా మన ఊళ్ళను చుట్టేసినప్పుడు కీళ్ళనొప్పులు ఎలా ఉండేవో చాలామందికి గుర్తుండే ఉంటుంది: రెండు చేతులు, రెండు మడమలు, అన్నీ ఒకేసారి. ఇక్కడ ఒక్క కీలే. ఒక్క కీలు వేడెక్కి వాచి జ్వరం కూడా ఉంటే, కాదని తేలేవరకు అది చీముకీలే అనుకోవాలి. జ్వరం లేదని ధీమా పడకూడదు, ఎందుకంటే ఈ జబ్బు వచ్చినవాళ్ళలో దాదాపు సగంమందికి చూసే సమయానికి జ్వరం ఉండదు.

‘సూదిపెట్టి నీళ్ళు తీయాలి’ అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. ‘నీళ్ళు తీసేస్తే కాలు ఎండిపోతాది అంటారు కదా సార్’ అన్నాడు.

ఈ భయం మా ప్రాంతంలో ఇంటింటా ఉంది. దాన్ని కసరుకుంటే పోదు. పక్కన కూర్చుని చెప్పాను: ‘పెద్దాయనా, మంచి మోకాల్లో ఉండే నీళ్ళు ఒక చెంచాడు కూడా ఉండవు. ఇప్పుడు మీ కాల్లో గ్లాసులో మూడోవంతు ఉంది. అది మీ కాలుకు తిండి కాదు, మీ కాలును తింటోంది.’

ఆ మాట అక్షరాలా నిజం. ఎముకల కొనలమీద నున్నటి మృదులాస్థి ఉంటుంది. దానిలో రక్తనాళాలు లేవు, కీలు నీటినుంచే దానికి పోషణ అందుతుంది. ఆ నీటిలో క్రిములు చేరితే వాటిని చంపడానికి తెల్లకణాలు లక్షల్లో వచ్చిపడతాయి. అవి వదిలే రసాయనాలు క్రిములతోపాటు మృదులాస్థినీ కరిగిస్తాయి. జంతువుల కీళ్ళమీద చేసిన ప్రయోగాల్లో ఈ నష్టం మొదటి రెండు రోజుల్లోనే కనబడింది. పోయిన మృదులాస్థి మళ్ళీ మొలవదు. చంటిపిల్లల తుంటిలోనైతే చీము ఒత్తిడికి ఎముక తలకు రక్తమే ఆగిపోవచ్చు. అందుకే ఇది రోజుల లెక్కలో కాదు, గంటల లెక్కలో చూడాల్సిన జబ్బు.

ఆయన తలూపాడు. కూతురు, ‘నాయనా, కళ్ళు మూసుకో’ అంది.

మోకాటి చిప్ప పైఅంచుకు బయటివైపు ఒక చోటు ఉంది. అక్కడ నుంచి చిప్ప కిందకు సూది సులువుగా పోతుంది. దారిలో పెద్ద నరాలు, నాళాలు ఉండవు. ముందు ఆ చర్మంమీద పుండుగానీ కురుపుగానీ లేదని చూసుకోవాలి, లేకపోతే పైనున్న క్రిమిని మనమే లోపలికి పంపినవాళ్ళం అవుతాం. అయొడిన్ మందు పూసి అది ఆరేదాకా ఆగాను. ఆరితేనే క్రిములు చస్తాయి. చర్మానికి మత్తు వేసి, లావు సూది దించి, సిరంజిని వెనక్కి లాగాను. మజ్జిగలో పసుపు కలిపినట్టు చిక్కగా, మడ్డిగా వచ్చింది. మంచి కీలు నీరు లేత గడ్డిరంగులో ఉంటుంది, గాజుగొట్టంలో పోసి వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. సూది మొననుంచి వదిలితే తేనెలా తీగ సాగుతుంది. ఈ నీళ్ళ వెనక అక్షరం కాదు, నా వేలే కనబడలేదు. తీగ సాగలేదు, నీళ్ళలా టపటపా చుక్కలు పడ్డాయి. మొత్తం 60 మిల్లీలీటర్లు.

దాన్ని మూడు భాగాలు చేశాను. ఊదారంగు మూతగొట్టంలో కొంత, కణాలు లెక్కించడానికి. శుభ్రమైన సీసాలో కొంత, క్రిమికి రంగువేసి చూడటానికి, పెంచి చూడటానికి. ఇంకొంత, వాతపు స్ఫటికాలు ఉన్నాయేమో చూడటానికి. చేతినుంచి రక్తం కూడా తీసి క్రిమి పెంచే సీసాల్లో వేశాం. ఇవన్నీ అయ్యాకే యాంటీబయాటిక్ మొదటి మోతాదు నరంలోకి ఎక్కించాం. ఈ వరుస మారకూడదు. మందు ముందు వెళితే క్రిమి చావకపోయినా సొమ్మసిల్లుతుంది, ప్రయోగశాలలో పెరగదు. అప్పుడు దాని పేరే తెలియదు.

గంటలో మొదటి లెక్క వచ్చింది. మంచి కీలు నీటిలో మైక్రోలీటరుకు తెల్లకణాలు 200 దాటవు. ఈయనకు 82,000. వాటిలో నూటికి 93 న్యూట్రోఫిల్సే. 50,000 దాటితే చీముకీలనే అనుమానం బలపడుతుంది. కానీ అది గీసిన గీత కాదు. అంతకన్నా తక్కువున్నా చీము కావచ్చు, వాతంలోనూ ఒక్కోసారి అంత పెరగవచ్చు. స్ఫటికాలు కనబడలేదు. కనబడి ఉన్నా నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి కాదు, ఎందుకంటే వాతమున్న కీలులోనే క్రిమి కూడా చేరవచ్చు. రక్తంలో యూరిక్ యాసిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పెరిగిన వాళ్ళలో చాలామందికి వాతమే రాదు, అసలు వాతం పోటెత్తినప్పుడు అది మామూలుగానూ ఉండొచ్చు. రంగువేసిన పలకలో మాత్రం క్రిమి దొరకలేదు. ఈ జబ్బున్నవాళ్ళలో సగంమందికైనా ఆ పలక ఖాళీగానే వస్తుంది. ఖాళీ పలక చూసి వైద్యం ఆపడం పెద్ద తప్పు.

సీసాలూ రోగీ ఒకే అంబులెన్సులో వేలూరు వెళ్ళారు. ఆ రాత్రే కీలు తెరిచి సెలైన్‌తో కడిగారు. చీమును బయటికి తీయకుండా మందొక్కటే ఎక్కిస్తే కీలు దక్కదు.

మూడో రోజుకు మోకాలు కాస్త మెత్తబడినా జ్వరం దిగలేదు. మొదట ఎక్కించిన మందులు ఈ జబ్బు తెచ్చే క్రిముల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే స్టెఫిలోకాకస్‌ను ఉద్దేశించినవి. అప్పటికి పెంపకం పళ్ళెంలో వచ్చింది వేరే క్రిమి: బర్కోల్డేరియా సూడోమల్లై. జబ్బు పేరు మెలియాయిడోసిస్. దీన్ని మొదట రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు గుర్తించి 1912లో ప్రకటించారు. ఈ క్రిమి మట్టిలో, నిలవనీటిలో, వరిమళ్ళలో బతుకుతుంది. వానల్లో పైకి వస్తుంది. కాలి పగులుగుండానో, ఊపిరితోనో లోపలికి వచ్చి, షుగరున్నవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. వేలూరు సీఎంసీ వైద్యులు ఈ జబ్బు రోగులను ఏళ్ళుగా చూస్తున్నారు, రాస్తున్నారు. అలవాటు లేని ప్రయోగశాలల్లో దీన్ని మామూలు సూడోమోనాస్ అనో, బయటి మలినమనో పక్కన పెట్టేస్తారు. అందుకే నీటి సీసాతోపాటు ‘వరి రైతు, షుగరుంది, వానల్లో వచ్చిన జ్వరం’ అని చీటీమీద రాయడం నాకు అలవాటు.

మనం చేతికి మొదట తీసుకునే చాలా యాంటీబయాటిక్‌లు ఈ క్రిమిమీద పనిచెయ్యవు. సెఫ్టాజిడిమ్ నరంద్వారా నాలుగు వారాలకు తక్కువ కాకుండా ఎక్కించాలి, తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు. మధ్యలో మానితే తిరగబెడుతుంది. క్రిమి పేరు తెలియకపోతే ఈ మందు ఎవరికీ తట్టదు. ఆయనకు మందు మార్చిన నాలుగో రోజు జ్వరం దిగింది.

ఇంత గట్టిగా చెప్పడానికి వేరే కారణం కూడా ఉంది. నేను పనిలోకి వచ్చిన కొత్తలో ఒక తల్లి మోకాలు ఇలాగే వాచి వస్తే, రాత్రి పూట ప్రయోగశాల ఉండదని యాంటీబయాటిక్ మొదలుపెట్టి, నీళ్ళు ఉదయం తీశాను. ఏ క్రిమీ పెరగలేదు. పేరు తెలియక మందుమీద మందు మార్చాం. ప్రాణం నిలిచింది, మోకాలు బిగుసుకుపోయింది. ఆ సీసాను రాత్రే నింపి మందు వేసి ఉంటే తెల్లారేలోపు నష్టమేమీ జరిగేది కాదు. తప్పు నాది. ఆమె ఇప్పటికీ కాలు చాపుకునే భోంచేస్తుంది.

ఆ రైతు నాలుగు నెలల తర్వాత వచ్చాడు. మోకాలు లంబకోణాన్ని దాటి వంగుతోంది, పూర్తిగా కాదు. గొంతుక్కూర్చుని నాటు వెయ్యలేడు, గట్టుమీద నడవగలడు. ఐదు రోజులు ఆలస్యమైనందుకు కట్టిన ధర అది. మొదటి రోజే వచ్చి ఉంటే ఇంకా మిగిలేదని నా నమ్మకం.

కాబట్టి చదివేవాళ్ళను కోరేది ఇదే. మీ ఇంట్లో ఎవరికైనా ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, కదపనివ్వకుండా ఉంటే, జ్వరం ఉన్నా లేకపోయినా, నొప్పి సూదితో, మిగిలిన మాత్రలతో ఆ రోజును గడపకండి. కీలు నీరు తీసే వీలున్న ఆసుపత్రికి అదే రోజు వెళ్ళండి. ‘మందు వేసేముందు నీళ్ళు తీసి పరీక్షకు పంపుతారా?’ అని అడగండి. షుగరుంటే చెప్పండి, మళ్ళో దిగి ఉంటే అదీ చెప్పండి. నీళ్ళు తీస్తే కాలు ఎండిపోదు. తియ్యకుండా వదిలేస్తేనే కాలు పోతుంది.