రెండు వందల ముప్పై ఆరు రూపాయల ఉత్తరం

బ్యాంకు మేనేజరుకి రాసే ఉత్తరాలు చాలావరకు కష్టం చెప్పుకోవడంతో మొదలై దణ్ణాలతో ముగుస్తాయి. మధ్యలో ఉండాల్సిన విషయం మాత్రం ఉండదు. కార్డు మీద అన్యాయంగా పడిన ఏడాది ఛార్జీ వెనక్కి ఇమ్మని రాసే ఉత్తరంలో అయితే ఈ లోటు నేరుగా డబ్బు పోగొడుతుంది. ఉత్తరం చదివిన మేనేజరుకి అయ్యో అనిపించవచ్చు, కానీ ఏ తేదీన ఏ పద్దు వెనక్కి తిప్పాలో అందులో లేకపోతే ఆయన చేయగలిగింది తక్కువ.

మా ఇంటికి పాలు పోసే ఆవిడ కథే చెప్తాను. ఆవిడకి 2015లో తీసిన జనధన ఖాతా ఉంది. డెయిరీ వాళ్ళ పాల బిల్లు అందులోనే పడుతుంది. 2025 మే నెలలో పాస్‌బుక్కు వేయించుకుంటే 12వ తేదీన 140 రూపాయలు, 20వ తేదీన 96 రూపాయలు పోయినట్టు పడింది. రెండింటి పక్కనా పొడి అక్షరాల్లో ఏవో ఇంగ్లీషు మాటలు. "నేను తియ్యలేదు బాబూ, ఎవరో తీసేశారు" అని ఆవిడ గాభరా. దొంగతనం కాదది. ఎవరైనా డబ్బు కొట్టేయాలనుకుంటే 96 రూపాయల దగ్గర ఆగరు.

రెండూ కూడితే 236. ఆ అంకె చూస్తే విషయం తెలిసిపోతుంది. కార్డు రుసుము 200, దాని మీద నూటికి 18 చొప్పున జీఎస్‌టీ 36. ఛార్జీ వేసే రోజున ఖాతాలో 140 రూపాయలే ఉంటే కంప్యూటరు ఉన్నంతా ఊడ్చుకుని, మిగతా 96 బాకీగా గుర్తు పెట్టుకుని, పాల బిల్లు పడిన రోజున పట్టేసుకుంది. తక్కువ నిల్వ ఉండే ఖాతాల్లో ఛార్జీ ఇలా ముక్కలుగా పోతుంది గనక అది ఒకటే ఛార్జీ అని చాలామందికి తట్టదు. బ్యాంకుకి వెళ్ళి 96 గురించి అడిగితే 96 గురించే జవాబు వస్తుంది. అర్థం కాని చిన్న చిన్న మొత్తాలు దగ్గరదగ్గరగా కనిపిస్తే కూడి చూడండి. ఆ మొత్తాన్ని 118తో భాగించి 100తో గుణిస్తే 125, 200, 250 లాంటి గుండ్రటి అంకె వచ్చిందంటే, అది పన్నుతో కలిపిన బ్యాంకు ఛార్జీ అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాతి ప్రశ్న అసలైనది: ఆ ఛార్జీ వేయవచ్చా? మామూలు పొదుపు ఖాతాకైతే వేయవచ్చు. డెబిట్ కార్డుకి ఏడాదికింత అని బ్యాంకు తన రేట్ల పట్టికలో ప్రకటించి ఉంటే అది తప్పుడు ఛార్జీ కాదు, ఎంత బాధగా ఉన్నా సరే. కానీ జనధన ఖాతా మామూలు ఖాతా కాదు. దాన్ని బ్యాంకు భాషలో బీఎస్‌బీడీ ఖాతా అంటారు, జనం భాషలో జీరో బ్యాలెన్స్ ఖాతా. ఈ ఖాతాదారుకి ఏటీఎం కార్డు గాని, ఏటీఎంగానూ డెబిట్ కార్డుగానూ పనిచేసే కార్డు గాని ఛార్జీ లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2012లో చెప్పింది, 2019 జూన్‌లో ఇచ్చిన ఆదేశంలో మళ్ళీ చెప్పింది. కాబట్టి ఉత్తరం రాసే ముందు చూడాల్సింది పాస్‌బుక్కు మొదటి పేజీలో ఖాతా రకం దగ్గర ఏముందన్నది. అక్కడ బీఎస్‌బీడీ అనో జనధన అనో ఉంటే మీ వాదన సగం రాసేసినట్టే. వట్టి ఎస్‌బీ అని ఉంటే ఈ నియమం మీకు పనికిరాదు, వేరే కారణం చూపాలి: కార్డు ముందే రద్దు చేయించుకున్నారనో, ఒకే ఏడాదికి రెండుసార్లు వేశారనో.

ఆవిడ ఖాతా జనధనే. మరి ఛార్జీ ఎందుకు పడింది? పాత కార్డు గడువు ముగిశాక బ్యాంకు పంపిన కొత్త కార్డు వేరే రకానిది. చూడ్డానికి కొంచెం జిగేల్‌మంటూ ఉంది. కంప్యూటరు మనిషిని చూడదు, కార్డు రకానికి కట్టిన రేటు చూస్తుంది. ఆ రకానికి ఏడాదికి 200 అని ఉంది గనక తీసేసుకుంది. ఈ కారణం తెలిసినవాడు రాసే ఉత్తరానికీ తెలియనివాడు రాసే ఉత్తరానికీ ఎంతో తేడా ఉంటుంది. డబ్బు వెనక్కి వేసినంత మాత్రాన కార్డు రకం మారదు. వచ్చే మే నెలలో అదే ఛార్జీ మళ్ళీ పడుతుంది. నేనీ ఉత్తరాల్లో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: అడగాల్సినవి రెండు. పోయిన డబ్బు ఒకటి, అది పోయేలా చేసిన అమరిక సరిదిద్దడం రెండోది.

ఆవిడ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ముందే ఒక ఉత్తరం రాసిచ్చాడు. మేము నిరుపేదలం, మా అమ్మ పాలు పోసి బతుకుతోంది, తమరు దయతలచి మా డబ్బులు ఇప్పించగలరు అని. మంచి దస్తూరీ, మంచి మనసు. అందులో ఖాతా నంబరు తప్పించి బ్యాంకుకి పనికొచ్చేది ఏమీ లేదు. పైగా దయ అడిగాడు. హక్కుగా రావాల్సినదాన్ని దయగా అడిగితే, దయ లేదు పొమ్మనే వీలు కూడా మనమే ఇచ్చినట్టవుతుంది. గౌరవం వేరు, బతిమాలడం వేరు. ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం:

"బ్రాంచ్ మేనేజర్ గారికి,

విషయం: జనధన ఖాతాలో డెబిట్ కార్డు ఛార్జీగా తీసుకున్న రూ. 236 తిరిగి జమ చేయడం గురించి.

అయ్యా,

మీ బ్రాంచిలో నాకు జనధన బీఎస్‌బీడీ ఖాతా ఉంది. ఖాతా నంబరు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఫోను నంబరు కింద రాశాను.

ఈ ఖాతా నుంచి 12-05-2025న రూ. 140, 20-05-2025న రూ. 96, మొత్తం రూ. 236 డెబిట్ కార్డు ఏడాది ఛార్జీ కింద తీసుకున్నారు. ఇందులో రుసుము రూ. 200, జీఎస్‌టీ రూ. 36.

బీఎస్‌బీడీ ఖాతాకి కార్డు ఛార్జీ లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. నా పాత కార్డు గడువు ముగిశాక ఈ కార్డు బ్యాంకే పంపింది. వేరే రకం కార్డు కావాలని నేను అడగలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

కాబట్టి రూ. 236 పూర్తిగా నా ఖాతాలో జమ చేయగలరు. మళ్ళీ ఏడాది ఈ ఛార్జీ పడకుండా నా ఖాతాకి తగిన ఉచిత కార్డు ఇచ్చి, ఈ కార్డు రద్దు చేయగలరు. తీసుకున్న చర్య రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరచినవి: పాస్‌బుక్కు మొదటి పేజీ, మే నెల పద్దులున్న పేజీ నకళ్ళు."

కింద తేదీ, సంతకం. అంతే. కార్డు నంబరు పదహారు అంకెలూ రాయలేదు, రాయకూడదు. ఆ కాగితం ఎన్ని బల్లల మీదుగా వెళుతుందో మనకి తెలియదు.

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది "వేరే రకం కార్డు కావాలని నేను అడగలేదు" అన్న వాక్యం. మేనేజరు వేయబోయే మొదటి ప్రశ్నకి అది ముందే జవాబు. ఖాతాదారు తానే కోరి పెద్ద కార్డు తీసుకుంటే దాని ఛార్జీ న్యాయమే కావచ్చు. కోరలేదంటే, కోరినట్టు చూపించే కాగితం వెతుక్కోవాల్సింది బ్యాంకు. అయితే ఆ వాక్యం నిజమైతేనే రాయాలి. కార్డు పోగొట్టుకుని మార్పించుకున్నవాళ్ళకి పడే ఛార్జీ వేరు, దాన్ని దీనితో కలపకూడదు.

తేదీలూ మొత్తాలూ పాస్‌బుక్కులో ఉన్నట్టే అంకెల్లో రాయమనడానికి ఇంకో కారణం ఉంది. బ్యాంకులో డబ్బు వెనక్కి వేయడం ఒక్కరి చేతిలో ఉండదు. ఒకరు పద్దు ఎక్కిస్తారు, ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు. ఆ రెండో మనిషికి మన ముఖం తెలియదు, మన గోడు వినలేదు, ఎదురుగా ఉన్నది కాగితం ఒక్కటే. మేనేజరు ఒడిశా నుంచో బీహారు నుంచో బదిలీ మీద వచ్చినవారైతే తెలుగు చదవలేకపోవచ్చు, అంకెలు మాత్రం చదవగలరు. అలాంటి చోట విషయం పంక్తిని ఇంగ్లీషులో కూడా రాస్తే పని తొందరగా కదులుతుంది. ఉత్తరం మాత్రం తెలుగులో ఉండడమే మంచిది. సంతకం పెట్టేవాళ్ళకి తాము ఏం అడుగుతున్నారో తెలియాలి కదా.

రెండు ప్రతులు తీసుకెళ్ళాలి. ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం మనకి. "ఇది సిస్టమ్ కట్ చేసిందమ్మా, మా చేతిలో లేదు, హెడ్ ఆఫీసుకి రాసుకోండి" అన్నారట ఆవిడతో కౌంటర్లో. ఆ మాటలో కొంత నిజం ఉంది, ఛార్జీ వేసింది బ్రాంచి కాదు. కానీ బ్రాంచి తన సిఫారసుతో పైకి పంపగలదు. ఫిర్యాదు నంబరు ఇమ్మని, లేదా ముద్ర వేయమని మర్యాదగా పట్టుబట్టాలి. ఆవిడ పట్టుబట్టింది.

ఆ ముద్ర తర్వాత కూడా అవసరపడుతుంది. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు. ముందు బ్యాంకుకి రాశామన్న రుజువు లేకపోతే అక్కడ ఫిర్యాదు నిలవదు. cms.rbi.org.in లో పెట్టవచ్చు, లేదా కాగితం మీద రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకి 14448కి ఫోన్ చేయవచ్చు. క్రెడిట్ కార్డు ఛార్జీ అయితే దారి కొంచెం వేరు. బ్రాంచి మేనేజరుకి దాని మీద సాధారణంగా అధికారం ఉండదు, కార్డు విభాగానికి నేరుగా రాయాలి.

ఉత్తరం ఇచ్చాక ఒక జాగ్రత్త. "మీ ఛార్జీ రీఫండ్ చేస్తున్నాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయాలి. ఖాతాలో డబ్బు వేయడానికి ఓటీపీతో గాని పిన్నుతో గాని పని లేదు.

ఆవిడ ఖాతాలో నెల తిరగకముందే 200 జమ అయింది. పన్ను 36 రాలేదు. ఇలాంటి సందర్భాల్లో తరచూ ఆగిపోయేది ఆ ముక్కే. రుసుమే చెల్లనప్పుడు దాని మీద వేసిన పన్నూ చెల్లదు. ముద్ర పడిన పాత ప్రతి నకలు జతచేసి, "236లో 200 అందింది, జీఎస్‌టీ 36 ఇంకా రావాలి" అని నాలుగు పంక్తుల ఉత్తరం ఆవిడ కొడుకే రాశాడు, ఈసారి నా సాయం లేకుండా. అందులో ఆ జిగేల్‌మనే కార్డు ఎప్పుడు మారుస్తారని కూడా అడిగాడు. 36 వచ్చాయి. కొత్త కార్డు ఆగస్టులో వచ్చింది.