మెయిల్ సర్వర్ అప్పగింత: మిషన్ చెప్పలేనిది రాసిపెట్టడం

సర్వర్లు చూసుకునేవాళ్లలో ఒక మంచి ఆచారం ఉంది. ఉద్యోగం మానేసి వెళ్లేవారు తమ తర్వాత వచ్చేవారి కోసం ఒక అప్పగింత నోట్ రాసిపెడతారు. వెబ్‌సైటుకీ రాస్తారు, డేటాబేస్‌కీ రాస్తారు. కానీ ఆ నోట్ సత్తా తేలేది మెయిల్ సర్వర్ దగ్గరే. మెయిల్ వ్యవస్థ ఒక్క మిషన్‌లో ఉండదు మరి. సగం మన సర్వర్‌లో ఉంటే, మిగతా సగం డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ దగ్గర, ఐపీ అడ్రసు ఇచ్చిన కంపెనీ దగ్గర, డీఎన్‌ఎస్ ఖాతాలో, ఎవరిదో క్రెడిట్ కార్డు మీద ఉంటుంది. అది ఆగిపోయిన రోజున ఎవరికైనా మెయిల్ పెట్టి సాయం అడుగుదామంటే ఆ దారీ మూసుకుపోతుంది.

కొత్తగా నోట్ రాసేవారు సాధారణంగా సెట్టింగుల ఫైళ్లన్నీ తెచ్చి అందులో అతికిస్తారు. అలాంటి నోట్ నెల తిరిగేసరికి పాతబడిపోతుంది. ఎవరో ఒక లైను మారుస్తారు, నోట్‌లో మాత్రం పాతదే ఉంటుంది. అసలు ఆ శ్రమే అక్కర్లేదు. ఏ సెట్టింగు ఎలా ఉందో మిషన్‌నే అడగొచ్చు:

```
postconf -n
doveconf -n
```

మొదటిది పోస్ట్‌ఫిక్స్‌లో మనం రాసుకున్న సెట్టింగులను, రెండోది డవ్‌కాట్‌లో మార్చినవాటిని చూపిస్తుంది. మిషన్ చెప్పలేనివి మూడున్నాయి. ఫలానా సెట్టింగు ఎందుకు పెట్టారు, బయట ఎవరి చేతిలో ఏముంది, కూలిపోతే ఏది ముందు ఏది వెనక. మంచి అప్పగింత నోట్ అంటే ఈ మూడింటికీ జవాబు.

ఉత్తరం నడిచే దారి

ఉదాహరణకు రెండు వందల మెయిల్ బాక్సులున్న ఒక కాలేజీని ఊహించుకుందాం. డెబియన్ సర్వర్, ఉత్తరాలు తీసుకునేందుకూ పంపేందుకూ పోస్ట్‌ఫిక్స్, బాక్సులు తెరిచి చూపించేందుకు డవ్‌కాట్, స్పామ్ వడపోతకు ఆర్‌స్పామ్‌డి. చిన్న సంస్థలు సొంతంగా నడుపుకునే మెయిల్ సర్వర్లలో ఇలాంటివి ఉంటాయి.

ఈ అమరికను బొమ్మ గీసి చూపించడం కన్నా ఒక ఉత్తరం వెంట నడుస్తూ రాయడం మేలు. బయటి సర్వర్ మన డొమైన్ ఎంఎక్స్ రికార్డు చూసి, పోర్టు 25లో మన పోస్ట్‌ఫిక్స్ తలుపు తడుతుంది. పోస్ట్‌ఫిక్స్ ఆ ఉత్తరాన్ని ఆర్‌స్పామ్‌డికి చూపించి, అది సరేనంటే డవ్‌కాట్‌కి అందిస్తుంది. డవ్‌కాట్ దాన్ని `/var/vmail` కింద ఆ మనిషి ఫోల్డర్‌లో పెడుతుంది. ఉత్తరాలు చదివేవారు పోర్టు 993 ద్వారా వస్తారు. పంపేవారు 587 ద్వారా లాగిన్ అయి పంపుతారు, వెళ్లే ప్రతి ఉత్తరం మీదా డీకిమ్ సంతకం పడుతుంది. ఒక్కో మజిలీ దగ్గర రెండు వాక్యాలు చాలు. ఇక్కడ తేడా వస్తే జనం ఏమని ఫిర్యాదు చేస్తారు, లాగ్‌లో ఏం కనిపిస్తుంది.

ఈ దారిలోనే మిషన్‌లో కనిపించని ఒక విషయం ఉంది. ఐపీ అడ్రసు నుంచి పేరుకు వెనక్కి వెళ్లే పీటీఆర్ రికార్డు సాధారణంగా మన డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఉండదు. ఐపీ ఎవరిదో వాళ్ల ప్యానెల్‌లో ఉంటుంది. కొత్తగా వచ్చినవారు దాన్ని వెతికేది తప్పు చోటే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపే ప్రతి సర్వర్‌కూ ఈ రికార్డు సరిగ్గా ఉండాలంటోంది. కాబట్టి అది ఏ కంపెనీ ప్యానెల్‌లో, ఏ ఖాతా కింద మార్చాలో నోట్‌లో ఉండి తీరాలి.

‘ఎందుకు’ అన్నదానికీ ఒక ఉదాహరణ చెబుతాను. పోస్ట్‌ఫిక్స్‌లో `mynetworks` అనే చోట రాసిన అడ్రసుల నుంచి లాగిన్ లేకుండానే మెయిల్ పంపొచ్చు. అక్కడ ఎవరికీ అర్థంకాని ఒక అడ్రసు కనిపిస్తుంది. అది ఆఫీసులోని పాత జిరాక్స్ మిషన్‌ది. స్కాన్ చేసిన కాగితాల్ని అది మెయిల్ చేస్తుంది, లాగిన్ కావడం దానికి చేతకాదు. ఈ ఒక్క మాట రాసి లేకపోతే వచ్చినవారు ఆ అడ్రసు తీసేసి ఆఫీసు పని ఆపేస్తారు. లేదంటే ఇంకో మిషన్ కోసం ఆ ఒక్క అడ్రసును మొత్తం నెట్‌వర్క్‌గా విస్తరిస్తారు. అప్పుడు వైరస్ పట్టిన ఒక్క కంప్యూటర్ చాలు, మన సర్వర్ మీదుగా వేల స్పామ్ మెయిళ్లు వెళ్లడానికీ, మన ఐపీ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కడానికీ.

తారీఖులు

గడువు తారీఖులు మూడు రకాలు: డొమైన్, సర్టిఫికెట్, సర్వర్ అద్దె. తారీఖు ఒక్కటీ రాస్తే సరిపోదు. డబ్బు ఎవరు కడతారు, గుర్తుచేసే నోటీసు ఎక్కడికొస్తుంది, తప్పిపోతే ఏమవుతుంది అన్నవి కూడా ఉండాలి.

వీటిలో ప్రమాదకరమైనది డొమైన్. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన passport.com పేరు రెన్యువల్ చేయడం మర్చిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ ఆ పేరు మీదే నడిచేది కాబట్టి జనం తమ మెయిల్ తెరవలేకపోయారు. ఏ సంబంధమూ లేని ఒక లైనక్స్ ప్రోగ్రామర్ 35 డాలర్లు కడితే సమస్య తీరింది. అంత పెద్ద కంపెనీకి జరిగినది కాలేజీకి జరగదా? డాట్ కామ్ లాంటి పేర్లకు గడువు దాటి, రిజిస్ట్రార్ పేరు తొలగించాక కూడా 30 రోజులపాటు అపరాధ రుసుముతో వెనక్కి తీసుకునే వీలుంది. తర్వాత 5 రోజులకు దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవారు మనకు రావలసిన ఉత్తరాలన్నీ అందుకోగలరు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చిన మెయిల్ ఐడీ అదే డొమైన్‌ది అయితే, డొమైన్ ఆగిన రోజున గడువు నోటీసూ రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు. కాబట్టి ఆ ఖాతా తప్పనిసరిగా బయటి ఐడీ మీద, సంస్థకు చెందిన ఐడీ మీద ఉండాలి.

సర్టిఫికెట్ గొడవ వేరు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇస్తున్న మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. దాన్ని సర్ట్‌బాట్ తనంతట తానే రెన్యువల్ చేస్తుంది. గడువు దగ్గరపడిందని ఆ సంస్థ మెయిల్ పంపేది, 2025 జూన్ నుంచి ఆ పని మానేసింది. పాత నోట్‌లో ‘మెయిల్ వస్తుంది’ అని ఉంటే ఆ లైను కొట్టేయాలి. మరో చిక్కేమిటంటే, కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీదకి వచ్చినా, రీలోడ్ చేసేదాకా డవ్‌కాట్ పాతదాన్నే చూపిస్తుంటుంది. గడువు దాటిన రోజు ఫోన్లలో హెచ్చరికలు మొదలవుతాయి. ఫైలు తెరిచి చూస్తే తారీఖు బాగానే ఉంటుంది, వచ్చినవారు అయోమయంలో పడతారు. అందుకే ఫైలును కాదు, తలుపు దగ్గర చూపిస్తున్నదాన్ని చూడాలి:

```
openssl s_client -connect mail.example.org:993 </dev/null \
  | openssl x509 -noout -enddate
```

రెన్యువల్ కాగానే డవ్‌కాట్‌ను రీలోడ్ చేసే చిన్న స్క్రిప్టు `/etc/letsencrypt/renewal-hooks/deploy/` లో ఉందా లేదా అన్నది నోట్‌లో రాయాల్సిన మాట.

ఇంకొకటి. సర్వర్ పంపే హెచ్చరికలు `root` పేరుకు వెళ్తాయి. `/etc/aliases` లో ఆ పేరు పక్కన వెళ్లిపోతున్న మనిషి ఐడీయే ఉంటుంది. ఆయన బాక్సు తీసేసిన రోజు నుంచి డిస్క్ నిండిందన్న కబురు ఎవరికీ అందదు. అది మార్చి `newaliases` కమాండు నడపడం అప్పగింతలో భాగం.

కూలిన సర్వర్‌ను లేపడం

సోమవారం ఉదయం డిస్క్ పోయిందనుకుందాం. నోట్‌లో మొదటి వాక్యం ఇలా ఉండాలి: ‘కంగారు పడొద్దు, టైముంది.’ ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు. మన సర్వర్ పలకకపోతే పంపిన సర్వర్ ఉత్తరాన్ని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ఉంచుతుంది.

పలకని సర్వర్ వల్ల ఉత్తరాలు పోవు, తొందరపడి తప్పుగా పలికితే పోతాయి. మెయిల్ భాషలో 4తో మొదలయ్యే జవాబుకు ‘తర్వాత రా’ అని, 5తో మొదలయ్యే జవాబుకు ‘ఇక రావద్దు’ అని అర్థం. కొత్త మిషన్‌లో డొమైన్ పేరు ఎక్కించి, యూజర్ల జాబితా ఇంకా ఎక్కించకముందే పోర్టు 25 తెరిచామనుకోండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ సర్వర్ 550, అలాంటి మనిషి లేడని చెబుతుంది. ఆ ఉత్తరం అప్పటికప్పుడే వెనక్కి వెళ్లిపోతుంది. డెబియన్‌లో ప్యాకేజీ ఎక్కించగానే పోస్ట్‌ఫిక్స్ దానంతటదే లేస్తుంది కాబట్టి ఈ పొరపాటుకు దారి సులువు.

అందుకని వరుస ఇలా ఉండాలి. ముందు ఫైర్‌వాల్‌లో 25 మూయాలి. తర్వాత బ్యాకప్ నుంచి యూజర్ల జాబితా, `/var/vmail`, డీకిమ్ కీ తీసుకురావాలి. ఫోల్డర్ల యజమాని ఎవరన్నది బ్యాకప్‌లో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే డవ్‌కాట్ వాటిని తెరవలేదు. ఆ తర్వాత తలుపు తీయబోయే ముందు ఇది పెట్టాలి:

```
postconf -e 'soft_bounce = yes'
systemctl reload postfix
```

ఇది ఉన్నంతసేపూ పోస్ట్‌ఫిక్స్ 5తో మొదలయ్యే జవాబులను 4గా మార్చి చెబుతుంది. ఏదైనా మర్చిపోయినా ఉత్తరం పోదు, కాసేపటికి మళ్లీ వస్తుంది. ఇప్పుడు 25 తెరిచి, లాగ్ చూస్తూ, తప్పులు సరిచేయాలి. ఒక పూట సాఫీగా నడిచాక `soft_bounce` తీసేయాలి. తీయడం మర్చిపోతే లేని అడ్రసులకు వచ్చే ఉత్తరాలు కూడా పంపినవారి దగ్గర రోజుల తరబడి తిరుగుతూనే ఉంటాయి.

ఐపీ మారితే పని ఇంకా ఉంది. డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరుకు కొత్త అడ్రసు, ఎస్‌పీఎఫ్ రికార్డు, పీటీఆర్ మార్చాలి. అమెజాన్ లాంటి క్లౌడ్‌లలో బయటకు వెళ్లే పోర్టు 25 మొదట మూసి ఉంటుంది, అర్జీ పెట్టుకుంటే తెరుస్తారు. ఆ అర్జీ వరుసలో చివరిది కాదు, మొదటిది.

నోట్‌కు పరీక్ష

నోట్ పూర్తయిందని రాసినవారు అనుకుంటే చాలదు. వెళ్లేముందు ఒక రోజు కేటాయించి, ఖాళీ మిషన్ ఒకటి తీసుకుని, బయటి ప్రపంచంతో కలపకుండా, కొత్తగా వచ్చినవారి చేత నోట్ చూసి సర్వర్ లేపించాలి. రాసినవారు పక్కన కూర్చోవాలి, నోరు మాత్రం విప్పకూడదు. ఎదుటివారు ఎక్కడ ఆగి ప్రశ్న వేస్తారో అక్కడ నోట్‌లో వెలితి ఉన్నట్టు. బ్యాకప్ నిజంగా పనికొస్తుందో లేదో కూడా ఆ రోజే తెలుస్తుంది. మొత్తానికి ఎంతసేపు పట్టిందో తారీఖుతో సహా నోట్‌లో రాయాలి.

నోట్‌లో పాస్‌వర్డులు ఉండకూడదు, అవి ఏ వాల్ట్‌లో ఉన్నాయో ఉండాలి. నోట్ కాపీ ఒకటి కాగితం మీద ఉండాలి. ఆఖరున, వెళ్లేవారి దగ్గర మిగిలిపోయే వాటి జాబితా ఉండాలి: ఎస్‌ఎస్‌హెచ్ కీ, డీఎన్‌ఎస్ ఖాతా, రిజిస్ట్రార్ ఖాతాకు ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు. ఈ చివరిది మార్చకుండా వెళ్లిపోతే, పాస్‌వర్డ్ చేతిలో ఉండి కూడా ఖాతా తెరవలేని పరిస్థితి వస్తుంది.

మీరు ఏ సంస్థ మెయిల్ సర్వర్ చూసుకుంటున్నా, మానేసే రోజు దాకా ఆగకండి. మీ డొమైన్ ఖాతా ఏ ఐడీ మీద ఉందో, దాని ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో, `root` మెయిల్ ఎవరు చదువుతున్నారో ఈ వారమే చూసి, ఆ మూడు లైన్లతో నోట్ మొదలుపెట్టండి.