బొకేలో ఇమిడే మూడు పంక్తులు

పదవీ విరమణ సభలో మనం చెప్పే మెచ్చుకోలుకు రెండు రూపాలున్నాయి. ఒకటి సన్మాన పత్రం. ఫ్రేము కట్టించి, వేదిక మీద మైకులో చదివి, శాలువాతో పాటు చేతికిచ్చేది. రెండోది బొకేకి గుచ్చే చిన్న కార్డు. సన్మాన పత్రం సభ కోసం రాసింది కాబట్టి అందులో బిరుదులుంటాయి, సంబోధనలుంటాయి, ఒక్కో పేరాకు ఒక్కో గుణం ఉంటుంది. కార్డు ఒక మనిషి ఇంకో మనిషికి రాసుకునేది. సభ అయిపోయి, ఇంటికెళ్లి, పూలు నీళ్లలో పెట్టేటప్పుడు ఆ మనిషి ఒక్కరే దాన్ని చదువుకుంటారు. చిక్కేమిటంటే, మెచ్చుకోలు అనగానే మన చేతికి అలవాటైన నమూనా సన్మాన పత్రమే. అందుకే కార్డు రాయడానికి కూర్చున్నవాళ్లు కూడా పేజీ నింపేస్తారు.

మా వీధిలో ఒకమ్మాయి ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. పిల్లల వార్డులో తనకు పని నేర్పిన హెడ్ సిస్టర్ రిటైరవుతున్నారు. "పిన్నీ, ఇది కార్డులో పట్టేలా కుదించి పెట్టవా" అని నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి తెచ్చింది. ఆ అమ్మాయి అనుమతితో దాన్నిక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"గౌరవనీయులైన హెడ్ సిస్టర్ గారికి, మీ పదవీ విరమణ సందర్భంగా నా హృదయపూర్వక శుభాకాంక్షలు. మీరు గత ముప్పై ఏళ్లుగా ఎంతో నిబద్ధతతో, అంకితభావంతో, సేవాతత్పరతతో పనిచేసి మా అందరికీ ఆదర్శంగా నిలిచారు. మీరు మాకు ఒక తల్లిలా, అక్కలా, గురువులా అన్నీ దగ్గరుండి నేర్పించారు. నేను కొత్తగా చేరినప్పుడు నాకు ఏమీ తెలియదు. ఒక రాత్రి డ్యూటీలో పసిబిడ్డకు సెలైన్ పెట్టాల్సి వచ్చి, రెండుసార్లు పొడిచినా నరం దొరక్క నా చేతులు వణికిపోతుంటే, మీరు వచ్చి నన్ను పక్కకు తప్పించకుండా, గోరువెచ్చని గుడ్డ బిడ్డ పాదానికి చుట్టి, కాసేపు ఆగమని చెప్పి, మళ్లీ నా చేతే పెట్టించారు. ఆ రోజు మీరు అందరి ముందూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మీ సేవలు మరువలేనివి. మీరు లేని వార్డును ఊహించుకోలేకపోతున్నాం. మీ శేష జీవితం ఆయురారోగ్య ఐశ్వర్యాలతో, సుఖసంతోషాలతో సాగాలని ఆ భగవంతుణ్ణి మనస్ఫూర్తిగా ప్రార్థిస్తున్నాను."

వందకు కాస్త అటూ ఇటూగా మాటలున్నాయి. పూల కొట్లో బొకేతో పాటు ఇచ్చే కార్డు మామూలుగా విజిటింగ్ కార్డంత ఉంటుంది. దాని మీద చేత్తో తెలుగు రాస్తే పంక్తికి ఎనిమిది తొమ్మిది మాటలకు మించి పట్టవు. పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు ఉన్న లిపి మనది. పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ వదలకపోతే పై పంక్తి వత్తులు కింది పంక్తి తలకట్ల మీద కూర్చుంటాయి. మూడు పంక్తులన్న హద్దు అలా వచ్చింది. నాలుగో పంక్తి ఇరికిస్తే అక్షరం చిన్నదవుతుంది, అరవై దాటినవాళ్లు కళ్లద్దాలు వెతుక్కోవాలి.

ఆ అమ్మాయి అంతకుముందే తానుగా ఒకసారి కుదించి చూసింది. అదీ కాగితం వెనక రాసి ఉంది: "నిబద్ధత, అంకితభావం, సేవాతత్పరతలకు నిలువుటద్దమైన మీకు పదవీ విరమణ శుభాకాంక్షలు. మీ సేవలు మరువలేనివి. మీ శేష జీవితం సుఖంగా సాగాలి." మూడు వాక్యాలే, కార్డులో పడతాయి కూడా. కానీ ఇందులో సిస్టర్ లేరు. ఇదే కార్డును ఒక హెడ్ మాస్టారికి, ఒక డిపో మేనేజరుకి, ఒక బ్యాంకు క్యాషియరుకి ఇవ్వొచ్చు. ప్రతి వాక్యాన్నీ కొంచెం కొంచెం చెక్కుతూ పోతే ఎప్పుడూ ఇలాగే అవుతుంది. ఊరందరికీ సరిపోయే మాటలు పొట్టిగా ఉంటాయి కాబట్టి అవే మిగులుతాయి. అసలు సంగతి చెప్పే వాక్యం పొడుగ్గా ఉంటుంది కాబట్టి మొదట అదే పోతుంది. అంతా కొంచెం కొంచెంగా ఉంచడం కాదు, ఒక్కటి ఉంచి తక్కినదంతా వదలాలి.

ఈ అలవాటు వెనక పాత కారణం కూడా ఒకటుంది. మన తంతి కార్యాలయాల్లో శుభాకాంక్షల టెలిగ్రాములకు ముందే రాసిపెట్టిన వాక్యాలుండేవి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఫారంలో నంబరు వేస్తే చాలు, పెళ్లికో పండక్కో తగిన వాక్యం అవతలి ఊళ్లో అచ్చయి అందేది. మాటకింత అని లెక్కగట్టే రోజుల్లో అది పనికొచ్చిన ఏర్పాటు. ఆ సేవ 2013 జూలైలో ఆగిపోయింది. నంబర్లు పోయాయి గానీ వాక్యాలు మన చేతుల్లోనే ఉండిపోయాయి. కార్డుకు మాటకింతని డబ్బు కట్టేది లేదు కనుక వాటి అవసరమూ లేదు.

సరే, కాగితం ముందు పెట్టుకుని నేను మొదట చేసింది గీతలు గీయడం. ఈ సిస్టరుకు కాక వేరొకరికి కూడా చెప్పగలిగిన ప్రతి వాక్యం కిందా ఒక గీత. మొదటి మూడు వాక్యాలకూ గీతలు పడ్డాయి. చివరి మూడింటికీ పడ్డాయి. "నాకు ఏమీ తెలియదు" కూడా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎవరైనా అనేదే. గీత పడనివి రెండే వాక్యాలు: సెలైన్ సంగతి, ఒక్క మాటా అనకపోవడం. మెచ్చుకోలు అంతా ఆ రెండింట్లోనే ఉంది.

ఇక్కడొక మాట చెప్పాలి. గీత పడిన వాటిలో "శేష జీవితం" అన్నదాన్ని మాత్రం నేను ఏ కార్డులోనూ ఉండనివ్వను. అరవై దాటాక ఉద్యోగం దిగిన మనిషికి మిగిలిన రోజుల లెక్క గుర్తు చేయడం ఏ మర్యాద? ఆశీస్సుగా రాస్తున్నామనుకుంటాం, చదివేవాళ్లకు మాత్రం చివుక్కుమంటుంది.

ఇప్పుడు ఆ పొడుగాటి వాక్యం. మన భాషలో పొడిచి, వచ్చి, చుట్టి, చెప్పి అంటూ ఎన్ని పనులైనా ఒకే వాక్యంలో గొలుసుగా కట్టుకుంటూ పోవచ్చు. క్రియ చివరికి వస్తుంది. చెప్పుకునేటప్పుడు అది హాయిగానే ఉంటుంది. కార్డు మీద మాత్రం "పెట్టించారు" అన్న అసలు మాట చేరేసరికి స్థలం అయిపోతుంది. అందుకని గొలుసులో ఏ లంకె తీస్తే కథ తెగుతుందో చూడాలి. రెండుసార్లు పొడవడం తీసినా తెగదు. నరం దొరక్కపోవడం "వణుకుతున్న" అన్న మాటలోనే ఉంది. "మళ్లీ నా చేతే" అన్నది మాత్రం తీయడానికి లేదు. పెద్ద సిస్టరు సూది తాను తీసుకుని క్షణంలో పెట్టేయగలరు. అలా చేయకపోవడమే ఆవిడ నేర్పిన పాఠం.

గోరువెచ్చని గుడ్డ దగ్గర ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "అది చాలా ముఖ్యం పిన్నీ, వెచ్చబడితే నరం పైకి తేలుతుంది, బిడ్డకు ఇంకో పోటు తప్పుతుంది" అంది. నిజమే, ఆ కాగితంలో నాకూ బాగా నచ్చిన ముక్క అదే. అయినా తీసేశాం. ఆ గుడ్డ సంగతి తెలియని పాఠకుడికి చెప్పాలంటే అది కావాలి. సిస్టరుకు తెలుసు, చుట్టింది ఆవిడే. "ఆ రాత్రి" అంటే చాలు, తక్కినది ఆవిడే గుర్తు చేసుకుంటారు. చదివేవాళ్లకు ముందే తెలిసిన వివరాన్ని వదిలేయొచ్చు. వాళ్లకు తెలియనిది, అంటే వాళ్లు చేసిన పని ఇవతలి మనిషిలో ఏమైందన్నది, మాత్రం రాయాలి. ఆ ముసాయిదాలో లేనిది అదొక్కటే.

అందుకే అడిగాను, "ఇప్పుడు నీ దగ్గరికి కొత్తవాళ్లు వస్తే నువ్వేం చేస్తావు?" అని. కాసేపు ఆలోచించి, "నేనూ వాళ్ల చేతే పెట్టిస్తాను" అంది. రెండో పంక్తి దొరికింది.

మూడో పంక్తికి శుభాకాంక్ష కావాలి, అదీ ఈ సిస్టరుకే చెందాలి. రాత్రి పదకొండింటికీ రెండింటికీ వార్డు నుంచి ఫోన్లు అందుకుంటూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి ఐశ్వర్యాలు కోరుకోవడం కంటే నిద్ర కోరుకోవడం న్యాయం. చివరికి కార్డు ఇలా తేలింది:

ఆ రాత్రి వణుకుతున్న నా చేతే మళ్లీ సెలైన్ పెట్టించారు, సిస్టర్.
ఇప్పుడు కొత్తవాళ్లు వణికితే నేనూ పక్కకు తప్పించను.
ఇక వార్డు ఫోన్లు లేకుండా హాయిగా నిద్రపోండి. నమస్కారం.

ఇందులో "మీరు" ఒక్కసారి కూడా లేదు. "పెట్టించారు", "నిద్రపోండి" అన్న క్రియల్లోనే ఎవరో, ఎంత గౌరవమో ఉన్నాయి. ముసాయిదాలో మీరు, మీ, నా, మాకు కలిపి పదికి పైగా ఉన్నాయి. తెలుగులో వీటిని తీస్తే అర్థం చెడదు, చోటు మాత్రం చాలా మిగులుతుంది. రెండో పంక్తిలో "నేనూ" ఉంచింది ఆ చివరి దీర్ఘం కోసం. మీలాగే అన్న మాటంతా ఆ దీర్ఘంలో ఉంది. "గౌరవనీయులైన", "గారికి" పోయాయని అమర్యాద కాలేదు. వార్డులో రోజూ పిలిచే పిలుపు "సిస్టర్", కార్డులోనూ అదే ఉండాలి.

పంక్తి ఎక్కడ విరగాలన్నది కూడా చూసుకోవాలి. "వణుకుతున్న" అని ఒక పంక్తి ఆపి "నా చేతే" అని కిందికి దించితే చదివే గొంతు తడబడుతుంది. విశేషణాన్నీ అది అంటుకున్న మాటనీ విడదీయకూడదు. పట్టకపోతే ఒక మాట తగ్గించాలే తప్ప మధ్యలో విరవకూడదు. రాశాక ఒకసారి పైకి చదివి చూడాలి. ఊపిరి ఆగే చోటా పంక్తి ఆగే చోటా ఒకటి కాకపోతే మళ్లీ రాయాలి.

బయటి దేశాల నుంచి ఆన్‌లైన్‌లో బొకే పంపేవాళ్లకు ఇంకో చిక్కుంది. సందేశానికి ఇన్ని అక్షరాలని హద్దు పెట్టిన చోట కంప్యూటరు మనలా లెక్కపెట్టదు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు. వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. ఇరవై మాటలు కూడా మధ్యలో తెగిపోవచ్చు. పైగా ఒక్కోసారి తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు అచ్చవుతుంటాయి. ఆ ఊళ్లో ఉన్న చుట్టం చేత చేత్తో రాయించి గుచ్చమనడం మేలు.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. పదిహేను మంది కలిసి ఇచ్చే కార్డులో ఒక్కరి రాత్రి డ్యూటీ కథ రాస్తే తక్కిన పద్నాలుగు మందీ బయటివాళ్లవుతారు. అక్కడ వార్డంతటికీ తెలిసిన సంగతి వెతకాలి. సంతాపం తెలిపే పూలకు ఇది అసలే వద్దు, పేరూ ఒక మాటా చాలు. కోసేసిన ముక్కలను కూడా పారేయనక్కర్లేదు. వెచ్చని గుడ్డ సంగతి ఉత్తరంగా రాసి వారం తర్వాత పంపమని ఆ అమ్మాయికి చెప్పాను.

ఇక కార్డును బాల్ పెన్నుతోనే రాయండి. పూల మీద చల్లిన నీళ్లు తగిలితే జెల్ పెన్ను సిరా పాకిపోతుంది. కింద సంతకం గెలికి వదిలేయకుండా పేరు పూర్తిగా, పనిచేసిన చోటు, ఏ సంవత్సరమో కూడా రాయండి. రిటైరయ్యే రోజున బొకేలన్నీ ఒకే బల్ల మీద కుప్పగా పడతాయి. ఏ కార్డు ఎవరిదో తెలియకపోతే మీరు అంతసేపు కూర్చుని రాసిన మూడు పంక్తులూ ఎవరివీ కాకుండా పోతాయి.